చెరువు సామర్థ్యం లెక్కకు ఏ ఇంటర్‌పొలేషన్ వాడాలి? టిన్, ఐడీడబ్ల్యూ, క్రిగింగ్, స్ప్లైన్ పోలిక

పడవకో థర్మకోల్ తెప్పకో ఎకో సౌండర్ కట్టి చెరువంతా తిప్పారు, ఫైల్లో వేల పాయింట్లు చేరాయి, ప్రతి పాయింటుకీ అక్షాంశం, రేఖాంశం, లోతు ఉన్నాయి. తీరా వాటిని ఉపరితలంగా మార్చుదామని సాఫ్ట్‌వేర్ తెరిస్తే, పాయింట్ల మధ్య ఖాళీల్ని అంచనాతో నింపే ఇంటర్‌పొలేషన్ కింద నాలుగైదు పేర్లు కనిపిస్తాయి, ఒక్కోటీ నొక్కి చూస్తే ఒక్కో సామర్థ్యం వస్తుంది. ఒకటి 16 ఎంసీఎఫ్‌టీ, అంటే 16 మిలియన్ ఘనపు అడుగులు అంటుంది, ఇంకోటి 17.6 అంటుంది. ఏది నమ్మాలి?

ముందే చెప్పేస్తున్నాను: ఊరి చెరువు అయితే, ఎక్కువ సందర్భాల్లో నా ఓటు త్రిభుజాలతో నేలను కట్టే టిన్‌కే. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చాలాసార్లు పద్ధతి వల్ల రాదు, అంచున పాయింట్లు లేకపోవడం వల్ల వస్తుంది. కాబట్టి పద్ధతుల దగ్గరికి వెళ్లేముందు దేన్ని బట్టి ఎంచుకోవాలో చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, మనకు కావలసింది ఘనపరిమాణం, అందమైన మ్యాపు కాదు. ఒక చోట 20 సెంటీమీటర్లు ఎక్కువ చూపి, పక్కన 20 తక్కువ చూపిన ఉపరితలం మ్యాపుగా పనికిమాలినదే, కానీ నీళ్ల లెక్కలో ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదే చెరువంతా ఒకే వైపు 5 సెంటీమీటర్లు జరిగితే మ్యాపు చూడ్డానికి బాగానే ఉంటుంది, లెక్క మాత్రం పోతుంది. అందుకే ఏ పద్ధతినైనా "సగటున ఎటు మొగ్గుతోంది" అని అడగాలి.

రెండోది, పడవ పాయింట్లు చెల్లాచెదురుగా ఉండవు, గీతల్లో ఉంటాయి. సెకనుకో రీడింగ్, సెకనుకో మీటరు వేగం అనుకుంటే గీత వెంట మీటరుకో పాయింటు, గీతకూ గీతకూ మధ్య మాత్రం 40 మీటర్ల ఖాళీ. ఈ తేడాను తట్టుకోలేని పద్ధతులు ఉన్నాయి.

మూడోది, అంచు. సౌండర్ అర మీటరుకు తక్కువ లోతులో సరిగ్గా చదవదు, పడవ అంతకంటే ముందే బురదలో కూరుకుంటుంది. ఒడ్డుకూ చివరి రీడింగుకూ మధ్య ఉన్న పట్టీని పద్ధతి ఎలా నింపుతుంది (లేదా నింపకుండా వదిలేస్తుంది) అన్నది మన చెరువుల్లో చాలా పెద్ద విషయం, ఎందుకంటే అవి కట్ట దగ్గర లోతుగా ఉండి, వెనక శిఖం భూముల వైపు పళ్లెంలా పలచబడతాయి.

చేతిలో లెక్క ఉంటే సులభంగా అర్థమవుతుంది కాబట్టి ఒక చెరువును ఊహించుకుందాం. కట్ట పొడవు 400 మీటర్లు, కట్ట దగ్గర లోతు 4 మీటర్లు, వెనక్కి 600 మీటర్లు పోయేసరికి లోతు సున్నా, మధ్యలో ఒకే వాలు. విస్తీర్ణం 2,40,000 చదరపు మీటర్లు, సగటు లోతు 2 మీటర్లు, అంటే 4,80,000 ఘనపు మీటర్లు. ఒక ఎంసీఎఫ్‌టీ 28,317 ఘనపు మీటర్లు కాబట్టి దాదాపు 17 ఎంసీఎఫ్‌టీ. నిజమైన చెరువు ఇంత నున్నగా ఉండదు, కానీ అసలు జవాబు తెలిసిన చెరువు మీదే పద్ధతుల గుణం బయటపడుతుంది.

## పద్ధతి కంటే ముందు తేల్చాల్సిన రెండు అంకెలు

సర్వే రోజు నీటిమట్టాన్ని అలుగు (తెలంగాణలో మత్తడి) మట్టంతో లెవెల్ పెట్టి కలపాలి. ఇందులో 10 సెంటీమీటర్లు తప్పితే మన చెరువులో 24,000 ఘనపు మీటర్ల తేడా, అంటే 5 శాతం. ఇక సౌండర్‌లో ధ్వనిని పంపే ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లలో 20 సెంటీమీటర్లు మునిగి ఉండగా దాన్ని కలపడం మరిచిపోతే, పడవ తిరిగిన మేరకే చూసుకున్నా 8 శాతం నీళ్లు మాయమవుతాయి. ఏ రెండు పద్ధతుల మధ్యా, సరిగ్గా వాడితే, ఇంత తేడా రాదు.

అందుకే లోతుల్ని లోతులుగానే ఇంటర్‌పొలేట్ చేయకండి, ముందు నేల మట్టంగా మార్చండి:

నేల మట్టం = నీటిమట్టం − (సౌండర్ రీడింగ్ + ట్రాన్స్‌డ్యూసర్ మునిగిన లోతు)

సర్వే ఒక రోజులో అవ్వకపోతే ఇది తప్పనిసరి, ఎందుకంటే తూము తెరిచి ఉంటే రెండో రోజుకి మట్టం దిగిపోయి ఉంటుంది. ధ్వని వేగం గురించి మాత్రం పెద్ద టెన్షన్ అక్కర్లేదు. చాలా ఫిష్‌ఫైండర్లు సెకనుకు 1500 మీటర్ల దగ్గర లెక్క వేస్తాయి, 25 డిగ్రీల మంచినీళ్లలో అసలు వేగం 1497 దగ్గర ఉంటుంది. చలికాలంలో నీళ్లు 20 డిగ్రీలకు చల్లబడ్డా 4 మీటర్లలో తేడా 5 సెంటీమీటర్లే. నమ్మకం కుదరకపోతే తాడుకు ఒక ఇనుప పళ్లెం కట్టి, ట్రాన్స్‌డ్యూసర్ కిందికి, నీటి పైమట్టం నుంచి సరిగ్గా 2 మీటర్లకు దించి, సౌండర్ ఏం చూపిస్తోందో చూడండి. వేగం, మునక రెండింటి తేడా కలిసి ఒకేసారి తేలిపోతుంది.

## టిన్

ప్రతి మూడు పాయింట్లనూ కలిపి త్రిభుజం గీస్తుంది, త్రిభుజం లోపల చదును పలక వేస్తుంది. అంతే. సర్దాల్సిన మీటలు ఏమీ లేవు, అందుకే ఇద్దరు వేర్వేరు మనుషులు అదే డేటాతో చేస్తే దాదాపు అదే అంకె వస్తుంది.

గీతల మధ్య 40 మీటర్ల ఖాళీ ఉన్నా టిన్‌కు ఇబ్బంది లేదు, సన్నటి పొడవాటి త్రిభుజాలు పుడతాయి, చూడ్డానికి అసహ్యంగా ఉన్నా ఈ గీత నుంచి ఆ గీతకు నేరుగా వాలు కడతాయి. దాని బలహీనత ఇంకోచోట ఉంది. చెరువు అడుగు గిన్నెలా వంగి ఉంటే, నేరుగా వేసిన పలక అడుగు కంటే పైనే ఉంటుంది, కాబట్టి నీళ్లు తక్కువ చూపిస్తుంది. ఎంత తక్కువ అన్నదానికి ఒక చక్కటి లెక్క ఉంది. అడ్డకోత పారాబోలా ఆకారంలో ఉండి, దాన్ని n సమాన ఖాళీలుగా కొలిస్తే, పోయే భాగం 1/n². మన చెరువు 400 మీటర్ల వెడల్పులో కట్ట నుంచి వెనక్కి 100 మీటర్లకో గీత చొప్పున తిరిగితే 4 ఖాళీలు, 6 శాతం పైన నష్టం. 40 మీటర్లకో గీత అయితే 10 ఖాళీలు, 1 శాతమే.

దీంట్లోంచే ఇంకో సంగతి బయటికొస్తుంది. గీతల్ని కట్టకు సమాంతరంగా, అంటే పాత వాగును అడ్డంగా కోస్తూ నడిపితే, వంపు ఎక్కువగా ఉన్న దిశలో మీటరుకో పాయింటు పడుతుంది, 40 మీటర్ల ఖాళీ వాలు నిదానంగా మారే దిశలోకి పోతుంది. అదే శ్రమ, అంతే డీజిల్, తప్పు మాత్రం చాలా తగ్గుతుంది. పద్ధతి మార్చడం కంటే దిశ మార్చడమే లాభం.

టిన్‌తో రెండో చిక్కు, మూడు మూలలూ ఒడ్డు పాయింట్లే అయిన త్రిభుజాలు. ఒడ్డు లోపలికి మెలిక తిరిగిన చోట, మూడింటి మట్టం ఒకటే కాబట్టి అక్కడ సున్నా లోతు పలక పడుతుంది, ఉన్న నీళ్లు లేనట్టు అవుతుంది. మ్యాపులో ఒడ్డు రంగుతోనే చదునుగా ఒక ముక్క కనిపిస్తే అదే. ఆ మెలికలోకి పొడవాటి కర్రతో దిగి రెండు మూడు లోతులు కొలవడమే మందు.

## ఐడీడబ్ల్యూ

దగ్గరి పాయింట్లకు ఎక్కువ బరువు, దూరం వాటికి తక్కువ, సగటు తీసెయ్. అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే తేలిక, అందుకే అందరూ ముందు దీన్నే నొక్కుతారు. గీతల డేటాకు మాత్రం ఇది సరిపడదు.

ఎందుకో లెక్క వేసి చూడండి. రెండు గీతలు 40 మీటర్ల ఎడంలో ఉన్నాయి, ఒకదాని మీద నేల 2 మీటర్ల లోతు, రెండోదాని మీద 3 మీటర్లు. మొదటి గీతకు 15 మీటర్ల దూరంలో ఉన్న చోట లోతెంత? నేరుగా వాలు కడితే 2.375 మీటర్లు. ఐడీడబ్ల్యూకి "దగ్గరి 12 పాయింట్లు" అని చెప్పారనుకోండి, ఆ 12 పాయింట్లూ 15, 16 మీటర్ల దూరంలో మొదటి గీత మీదే దొరుకుతాయి, రెండో గీత దాకా వంతే రాదు. జవాబు 2.0. సగం దూరం దాటగానే ఒక్కసారిగా 3.0కి దూకుతుంది. మ్యాపులో ఇది మెట్లలా కనిపిస్తుంది, ప్రతి రెండు గీతల మధ్యా సరిగ్గా నడిమిన.

తమాషా ఏమిటంటే, ఘనపరిమాణంలో ఈ మెట్లు చాలావరకు కొట్టుకుపోతాయి, ఒక సగం తక్కువ, ఇంకో సగం ఎక్కువ. అందుకే "నేను ఐడీడబ్ల్యూ వాడాను, బాగానే వచ్చింది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అసలు దెబ్బ అంచున తగులుతుంది. సగటు ఎప్పుడూ కొలిచిన కనిష్ఠం కంటే కిందికి పోలేదు. పడవ 0.8 మీటర్ల లోతు దగ్గర ఆగిపోయిందనుకుందాం. మన చెరువు వాలు 150కి 1 కాబట్టి ఒడ్డు వైపు 120 మీటర్ల పట్టీ మిగిలిపోతుంది, విస్తీర్ణంలో ఐదో వంతు. అందులో నిజంగా ఉన్న నీళ్లు 19,200 ఘనపు మీటర్లు. ఒడ్డు పాయింట్లు ఇవ్వకపోతే ఐడీడబ్ల్యూ ఆ పట్టీనంతా కనీసం 0.8 మీటర్లతో నింపి 38,400 చూపిస్తుంది. టిన్ అయితే తన త్రిభుజాల బయట ఏమీ వేయదు కాబట్టి ఆ 19,200 కూడా వదిలేస్తుంది. ఒకటి 4 శాతం ఎక్కువ, ఒకటి 4 శాతం తక్కువ. మొదట చెప్పిన 16, 17.6 తేడా ఇలాంటిదే. ఒడ్డు వెంట మట్టం తెలిసిన పాయింట్లు వేస్తే రెండూ దగ్గరికొస్తాయి.

ఐడీడబ్ల్యూతోనే ఉండాలనుకుంటే గీత వెంట పాయింట్లను పల్చబరచండి, 10 మీటర్లకు ఒకటి చాలు. నాలుగు దిక్కుల్లోంచీ పాయింట్లు తీసుకోమనే సదుపాయం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అది పెట్టండి. ఒడ్డు పాయింట్లు కూడా అంతే దగ్గరగా ఉండాలి, లేకపోతే పడవ పాయింట్లు గుంపుగా గెలిచి ఒడ్డు దాకా పాకుతాయి.

## క్రిగింగ్

ఇదీ బరువుల సగటే, కానీ బరువులు మీ డేటా నుంచే వస్తాయి. దూరం పెరిగేకొద్దీ లోతుల తేడా ఎలా పెరుగుతోందో వేరియోగ్రామ్ అనే గ్రాఫులో చూసి, దానికి తగ్గట్టు నిర్ణయిస్తుంది. గీతల డేటాలో దీని గొప్పతనం, ఒకే గీత మీద కిక్కిరిసిన పాయింట్లన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయని గ్రహించి వాటి బరువు తగ్గిస్తుంది. సౌండర్ రీడింగుల్లో అటూ ఇటూ ఊగే 5, 10 సెంటీమీటర్ల చప్పుడును నగ్గెట్ అనే విలువగా తీసుకుని నున్నగా చేస్తుంది. పైగా ఎక్కడ ఎంత అనుమానం ఉందో ఇంకో మ్యాపు ఇస్తుంది, గీతల మధ్య, మూలల్లో అది పెరిగి కనిపిస్తుంది. ఇంకో రోజు పడవ ఎక్కే అవకాశం ఉంటే ఎక్కడ తిప్పాలో అదే చెబుతుంది.

కష్టం ఏమిటంటే, వేరియోగ్రామ్‌ను కుదర్చడం ఒక నొక్కుతో అయ్యేది కాదు. చెరువుకు కట్ట వైపు ఒక పెద్ద వాలు ఉంటుంది, దాన్ని ముందు ట్రెండుగా తీసేయకపోతే గ్రాఫు ఎక్కడా నిలవకుండా పైకి పోతూనే ఉంటుంది. పడవ ఒకే చోట ఆగినప్పుడు ఒకే స్థానంలో పది రీడింగులు పడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు లెక్క చేయలేక ఎర్రర్ ఇస్తాయి, ముందే ఏరేయాలి. ఇద్దరు వేర్వేరుగా కుదిర్చితే రెండు జవాబులు వస్తాయి. ఇదంతా తెలిసినవాళ్ల చేతిలో బాగుంటుంది, తెలియకుండా డిఫాల్టుతో నొక్కితే టిన్ కంటే మెరుగని నేననుకోను.

## స్ప్లైన్

పాయింట్ల మీదుగా సాగే రేకులా నున్నటి ఉపరితలం వేస్తుంది. GRASSలో `v.surf.rst` ఈ రకమే. గిన్నె లాంటి అడుగులో గీతల మధ్య వంపును ఇదే బాగా పట్టుకుంటుంది, టిన్ పోగొట్టుకునే ఆ 1 శాతాన్ని తిరిగి తెస్తుంది.

కానీ కట్ట పాదం దగ్గర రాతికట్టు వాలు ఒక్కసారిగా ఆగి చదును మొదలవుతుంది, అక్కడ నున్నగా తిరగబోయి కిందికి జారుతుంది. మీరు కొలిచిన గరిష్ఠ లోతు 4 మీటర్లయితే ఉపరితలంలో 4.6 కనిపించిందా, అది గుంట కాదు, స్ప్లైన్ జారుడు. పలచటి ఒడ్డున దీనికి ఎదురు, నేల అలుగు మట్టం కంటే పైకి లేస్తుంది. ఏ ఉపరితలమైనా తయారవగానే దాని కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని డేటాతో పోల్చండి, పది సెకన్ల పని. టెన్షన్ అనే విలువ పెంచితే ఈ జారుడు తగ్గుతుంది (ఆ పేరు వాళ్లు పెట్టిందే, నేను కాదు).

| | టిన్ | ఐడీడబ్ల్యూ | క్రిగింగ్ | స్ప్లైన్ |
|---|---|---|---|---|
| గీతల డేటాతో | బాగుంటుంది | మెట్లు పడతాయి | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| ఒడ్డు పాయింట్లు లేకపోతే | పట్టీ వదిలేస్తుంది | ఎక్కువ చూపిస్తుంది | ఎటైనా పోవచ్చు | జారవచ్చు |
| గిన్నె ఆకారం అడుగు | కాస్త తక్కువ | తక్కువ | సరిగ్గా | సరిగ్గా |
| కట్ట పాదం, తవ్విన గుంటల అంచు | పట్టుకుంటుంది | మసకగా | మసకగా | జారుతుంది |
| సర్దాల్సినవి | లేవు | రెండు మూడు | చాలా | రెండు మూడు |

## జేసీబీ గుంటల సంగతి

పూడిక తీసిన చెరువుల్లో, ముఖ్యంగా 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక తవ్విన వాటిలో, అడుగు నిండా గుంటలుంటాయి. 15 మీటర్ల చదరం, 2 మీటర్ల లోతు గుంట అంటే 450 ఘనపు మీటర్లు. 40 మీటర్ల గీతల మధ్య అది పూర్తిగా తప్పిపోవచ్చు, అప్పుడు ఏ పద్ధతీ దాన్ని కనిపెట్టలేదు. గీత దాని మీదుగా పోతే టిన్ దాన్ని రెండు పక్కలా పక్క గీతల దాకా సాగదీసి సుమారు 1,200 చేస్తుంది. గీత తగిలే అవకాశం 40లో 15 వంతులు కాబట్టి, గుంటలు చాలా ఉంటే తగిలినవీ తప్పినవీ కలిసి సగటున 450కే వస్తాయి. ఒకటి రెండు పెద్ద గుంటలే ఉంటే మాత్రం ఈ సగటు మీద ఆశ పెట్టుకోకూడదు, ఊళ్లో అడిగి, వాటి చుట్టూ పడవను విడిగా తిప్పాలి.

## మీ చెరువుకు ఏది కుదిరిందో ఎలా తెలుస్తుంది

కట్ట నుంచి శిఖం వైపు రెండు గీతలు అదనంగా తిప్పి, వాటిని ఉపరితలంలో కలపకుండా పక్కన పెట్టండి. తర్వాత ఆ గీతల మీద ఉపరితలం చెప్పిన మట్టం నుంచి కొలిచిన మట్టాన్ని తీసేసి సగటు చూడండి. గుర్తును వదలకండి, ప్లస్ అయితే ఉపరితలం నేలను పైకి చూపుతోంది, నీళ్లు తక్కువ వస్తున్నాయి. సగటు 6 సెంటీమీటర్లు వచ్చిందంటే మన చెరువులో 14,400 ఘనపు మీటర్లు, 3 శాతం. సగటు ఒక సెంటీమీటరు ఉండి, విడివిడి తేడాలు 20 సెంటీమీటర్లు ఊగుతున్నా సామర్థ్యానికి భయం లేదు.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఒక్కో పాయింటును తీసి చేసే పరీక్షను నమ్మకండి. తీసిన పాయింటుకు అటూ ఇటూ మీటరు దూరంలో అదే గీత మీద పాయింట్లున్నాయి, ఏ పద్ధతైనా అందులో ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. తీస్తే మొత్తం గీతను తీయాలి.

ఇంకో మోటు తనిఖీ, చిన్న కుంటలకు వాడే పాత సూత్రం: 0.4 × గరిష్ఠ లోతు × విస్తీర్ణం. మన ఊహా చెరువుకు ఇది 3,84,000 ఇస్తుంది, 4,80,000 కాదు, ఎందుకంటే ఆ చెరువుకు అడ్డంగా వంపే లేదు. 20 శాతం తేడా సహజమే, కానీ మీ జవాబు రెండింతలు వస్తే ఎక్కడో అడుగులూ మీటర్లూ కలిసిపోయాయని అర్థం.

## ఎవరికి ఏది

పంచాయతీకో ఆయకట్టు రైతులకో "ఎన్ని నీళ్లు" అని చెప్పడానికైతే టిన్, ఒడ్డు పాయింట్లు, పాత వాగు దారి వెంట ఒక గీత. వేరే ఏమీ వద్దు. `gdal_grid` వాడేవాళ్లు ఒకటి గమనించండి, దాని `linear` పద్ధతి డిఫాల్టుగా త్రిభుజాల బయట కూడా దగ్గరి పాయింటు విలువతో నింపేస్తుంది. అది వద్దంటే, అక్షాంశ రేఖాంశాలను మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చుకున్నాక ఇలా:

```
gdal_grid -a linear:radius=0:nodata=-9999 -zfield bed -l pts pts.shp bed.tif
```

పూడిక ఎంత చేరిందో పాత సర్వేతో పోల్చేవాళ్లకు పద్ధతి మంచిచెడ్డల కంటే, రెండుసార్లూ ఒకటే పద్ధతి, ఒకటే గీతలు, ఒకటే ఒడ్డు ముఖ్యం. 308 టీఎంసీల శ్రీశైలం 215కి తగ్గిందంటే అక్కడ పూడిక అంత పెద్దది కాబట్టి పద్ధతి తేడా అందులో మునిగిపోతుంది. ఊరి చెరువులో రెండు మూడేళ్ల పూడిక 2 శాతమే అయితే, పాతది ఐడీడబ్ల్యూ, కొత్తది టిన్ అయినప్పుడు మీరు కొలిచేది పూడిక కాదు. పాత పాయింట్లు దొరికితే వాటిని కూడా కొత్త పద్ధతిలో మళ్లీ లెక్కించండి.

థీసిస్ రాసేవాళ్లు, లేదా జవాబు పక్కన ప్లస్ మైనస్ కూడా ఇవ్వాల్సినవాళ్లు క్రిగింగ్‌కు వెళ్లొచ్చు, వేరియోగ్రామ్ మీద కూర్చునే ఓపిక ఉంటే. సహజంగా ఏర్పడిన, తవ్వకాలు లేని, గీతలు పల్చగా పడిన పెద్ద చెరువైతే స్ప్లైన్ ప్రయత్నించండి, కనిష్ఠ గరిష్ఠాలు చూడటం మానకండి.

ఏది వాడినా చివర్లో ఒక్క అంకె కాకుండా మట్టం వారీ పట్టిక తీయండి, తూము గడప కింద ఎన్ని నీళ్లు చిక్కుకుపోతాయో దాంట్లోనే తెలుస్తుంది. QGISలో `Raster surface volume` ఒక్కో మట్టానికి ఇస్తుంది, అన్నిటికీ ఒకేసారి కావాలంటే పైన తీసిన రాస్టరుకు ఇది చాలు. ఇక్కడ అలుగు మట్టం 104 మీటర్లు, లోతైన చోటు 100 అనుకున్నాను:

```python
import numpy as np, rasterio
r = rasterio.open("bed.tif")
z = r.read(1, masked=True)
a = abs(r.transform.a * r.transform.e)
for h in np.arange(100, 104.01, 0.25):
    d = np.ma.clip(h - z, 0, None)
    print(h, round(d.sum() * a / 28317, 2))
```

రెండో వరస ఎంసీఎఫ్‌టీల్లో వస్తుంది. దాన్ని దశాంశం తర్వాత ఒక్క అంకెకు కుదించి రాయండి, నీటిమట్టంలో 5 సెంటీమీటర్ల అనుమానం ఉన్నప్పుడే అది 0.4 ఎంసీఎఫ్‌టీ అటూ ఇటూ అవుతుంది.

ఇక కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు చేపల చెరువుల వాళ్లకు: చదును అడుగు, నిట్టనిలువు గట్లు, మీటరున్నర లోతు ఉన్న చెరువుకు సౌండరే దండగ. గట్టు పాదం వెంట, మధ్యలో గడుల్లా గుర్తులేసిన కర్రతో కొలిచి, ఆ పాయింట్లనే టిన్‌కు ఇవ్వండి.